చూస్తారు, కానీ మీరు లెక్కేసుకున్నంత మంది చూడరు

ప్రశ్న: నా ఎడమ బుగ్గ మీద మొటిమల మచ్చలున్నాయి. ఆఫీసులో గానీ ఫంక్షన్లలో గానీ ఎవరితో మాట్లాడుతున్నా వాళ్ళ కళ్ళు అక్కడే ఉన్నట్టు అనిపిస్తుంది. "ఎవరూ పట్టించుకోరులే" అంటారు అందరూ, నమ్మబుద్ధి కావట్లేదు. నిజంగా ఎంతమంది చూస్తారు? దీన్నుంచి బయటపడినవాళ్ళు ఉంటే చెప్పండి.

చూసేవాళ్ళు ఉంటారు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే "ఎవరూ చూడరులే" అన్న ఓదార్పు నాకూ ఇంట్లోవాళ్ళు చాలా ఏళ్ళు చెప్పారు, అది ఏ పెళ్ళిలోనో ఎవరో ఒకావిడ "ఏంటమ్మా మొహం ఇలా అయిపోయింది" అనేవరకే నిలబడేది. నాకు రెండు బుగ్గల మీదా గుంటలు పడిన మచ్చలున్నాయి, డిగ్రీ చదివే రోజుల నుంచి ఉన్నవే, ఇప్పటికీ అలాగే ఉన్నాయి. వాటి గురించి రోజంతా ఆలోచించడం మాత్రం తగ్గిపోయింది, అది ఎలా తగ్గిందో చెప్తాను.

ఎంతమంది చూస్తారు అని మీరు సూటిగా అడిగారు కాబట్టి ముందు దానికి జవాబు. మనల్ని నిజంగా గమనించేవాళ్ళకంటే ఎక్కువమంది గమనిస్తున్నారని లెక్కేసుకోవడాన్ని సైకాలజీలో స్పాట్‌లైట్ ఎఫెక్ట్ అంటారు. 2000లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీకి చెందిన థామస్ గిలోవిచ్, ఆయనతో పనిచేసినవాళ్ళు దీని మీద ప్రయోగాలు ప్రచురించారు. ఒక్కో స్టూడెంట్ చేత బారీ మానిలో అనే పాత తరం గాయకుడి బొమ్మ ఉన్న టీషర్ట్ వేయించారు, ఆ వయసు పిల్లలకి అది వేసుకోవడమే నామోషీ. అప్పటికే కొంతమంది కూర్చుని ఏవో కాగితాలు నింపుతున్న గదిలోకి పంపి, కాసేపటికే బయటికి పిలిచి "నీ షర్ట్ మీద ఎవరున్నారో వాళ్ళలో ఎంతమంది చెప్పగలరు" అని అడిగారు. వేసుకున్నవాళ్ళ అంచనా సుమారు సగం మంది. గదిలో ఉన్నవాళ్ళని అడిగితే సరిగ్గా చెప్పింది దాదాపు పావు వంతు. అదే సంఘటనని వీడియోలో చూసిన వేరేవాళ్ళని ఊహించమంటే వాళ్ళు నిజానికి చాలా దగ్గరగా చెప్పారు, అంటే బయటి నుంచి చూసేవాళ్ళకి ఈ లెక్క తప్పట్లేదు, ఆ షర్ట్ ఒంటి మీద ఉన్నవాళ్ళకే తప్పుతోంది.

ఆ పావు వంతు మందిని గమనించండి, సున్నా కాదది. అందుకే "ఎవరూ చూడరు" అన్న మాట మీ మనసుకి అబద్ధంలా తోస్తుంది, ఆ తోచడంలో న్యాయం ఉంది.

ఇంతకీ లెక్క ఎక్కడ తప్పుతుంది అంటే, ఎదుటివాళ్ళకి ఏం కనిపిస్తుందో ఊహించేటప్పుడు మనం మొదలుపెట్టేది మనకి ఎంత కనిపిస్తోందో అక్కడి నుంచే. "వాళ్ళకి నా అంత తెలీదులే" అని కొంచెం తగ్గిస్తాం గానీ తగ్గించాల్సినంత తగ్గించం. మీరు పొద్దున ఆ బుగ్గని అద్దానికి జానెడు దూరంలో, లైటు వేసుకుని, తల అటూ ఇటూ తిప్పి మరీ చూసుంటారు. ఆఫీసులో మీతో మాట్లాడే మనిషి మూడు నాలుగు అడుగుల దూరంలో ఉంటాడు, మీ మాట వింటూ ఉంటాడు, మధ్యలో ఫోన్ చూసుకుంటాడు, తర్వాత తను ఏం చెప్పాలో ఆలోచిస్తుంటాడు. మీ లెక్క మాత్రం ఆ జానెడు దూరం నుంచే మొదలవుతోంది.

అదే పరిశోధనలో ఇంకో ప్రయోగం నాకు అన్నిటికంటే బాగా ఉపయోగపడింది. కొంతమందికి ఆ షర్ట్ వేశాక వెంటనే గదిలోకి పంపకుండా కాసేపు దానితో అలవాటు పడనిచ్చారు. వాళ్ళ అంచనా తగ్గింది. షర్ట్ అదే, చూసేవాళ్ళూ అలాంటివాళ్ళే, మారింది లోపలి గోల ఒక్కటే. అంటే మీ బుర్రలో తిరిగే "అందరూ చూస్తున్నారు" అన్న అంకె మీ టెన్షన్‌తో పాటు పెరుగుతుంది, తగ్గుతుంది, బయట చూసే కళ్ళ సంఖ్యతో దానికి పెద్ద సంబంధం లేదు. మీరే గమనించి చూడండి, బాగా నిద్రపోయి లేచిన రోజు మచ్చలు తక్కువమంది చూసినట్టు అనిపిస్తుంది, మచ్చలు మాత్రం ముందురోజువే.

సోషల్ యాంగ్జైటీ, అంటే నలుగురిలోకి వెళ్ళాలంటే విపరీతమైన భయం, ఉన్నవాళ్ళకి దీని మీద ఇంకో పొర ఉంటుంది. డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ అనే బ్రిటిష్ సైకాలజిస్టులు 1995లో చెప్పింది ఇదే, నా థెరపిస్ట్ కూడా దీని మీదే పని చేయించింది. నలుగురిలోకి వెళ్ళగానే మన ధ్యాస బయటి నుంచి లోపలికి తిరిగిపోతుంది, బుగ్గ వేడెక్కడం, గుండె కొట్టుకోవడం తెలుస్తుంటాయి, వాటినే ముడిసరుకుగా తీసుకుని "నేను ఇప్పుడు ఇలా కనిపిస్తున్నాను" అని ఒక బొమ్మ గీసుకుంటాం. ఎదుటివాళ్ళ మొహం సరిగ్గా చూడం కాబట్టి ఆ బొమ్మ తప్పని చెప్పే ఆధారం మనదాకా రాదు. పైగా దాచుకోవడానికి ఏవో చేస్తుంటాం. జుట్టు ముందుకి వేసుకోవడం, ఫోటోల్లో ఒకే వైపు నిలబడటం, గోడ పక్క సీటు చూసుకోవడం, చున్నీ సర్దుకునే వంకతో బుగ్గ కప్పుకోవడం.

నా బొమ్మ ఎంత తప్పో తెలిసింది వీడియో వల్ల. థెరపిస్ట్ ముందే అడిగి ఒప్పించి, నాకు పరిచయం లేని ఒకమ్మాయితో నేను మాట్లాడుతుండగా ఫోన్‌లో తీయించింది. చూసేముందు కాగితం మీద రాయమంది, ఏం కనిపిస్తుందో వివరంగా, ప్రతిదానికీ వందకి ఎంతో వేసి. "మచ్చలు మొదటి చూపులోనే కనిపిస్తాయి" అన్నదానికి 90 వేశాను, "మొహం ఎర్రబడి ఉంటుంది" అన్నదానికి 80, "ఆ అమ్మాయి బుగ్గల వైపే చూస్తూ ఉంటుంది" అన్నదానికి 85. తర్వాత, మీకు తెలియని మనిషి వీడియో చూస్తున్నట్టు చూడండి, లోపల ఎలా అనిపించిందో గుర్తు తెచ్చుకోకండి, తెర మీద ఉన్నదే చూడండి అంది. మొదట సౌండ్ లేకుండా చూశాం.

మచ్చలు కనిపించాయి, కిటికీ వైపు తిరిగినప్పుడు, వెలుగు పక్క నుంచి పడినప్పుడు. మిగతా సమయంలో వెతికితే గానీ తెలీదు. ఎర్రబడటం అసలు కనబడలేదు, నాకు లోపల మాత్రం మంట మండినట్టు ఉంది అప్పుడు. ఆ అమ్మాయి ఎక్కువసేపు నా కళ్ళనే చూసింది. కానీ ఒకటి మాత్రం ఎవరికైనా తెలిసిపోయేలా ఉంది, నా కుడి చెయ్యి. ఊరికే పైకి లేచి బుగ్గ మీదకి వెళ్తుంది, అక్కడ రెండు వేళ్ళు ఆనించి ఆగుతుంది, దిగుతుంది, మళ్ళీ లేస్తుంది. చెయ్యి లేచిన ప్రతిసారీ ఆ అమ్మాయి చూపు నా కళ్ళ మీది నుంచి చెయ్యి వైపు కదిలింది. దాచే పనే దారి చూపిస్తోంది అక్కడ. ఇది వంద పుస్తకాలు చదివినా నాకు నమ్మకం కుదిరేది కాదేమో, కళ్ళతో చూశాను కాబట్టి కుదిరింది.

మీరు ఇంట్లో చేసుకోవాలంటే నమ్మకమైన ఫ్రెండ్ చాలు, కానీ ఆ ముందు రాసుకునే కాగితం మాత్రం వదలొద్దు. అది లేకుండా వీడియో చూస్తే అద్దంలో చూసుకున్నట్టే బుగ్గ మీదకి జూమ్ చేసి చూస్తాం, ఇంకా బాధపడతాం. ఫోన్ ముందు కెమెరాతో దగ్గరగా తీయొద్దు, అంత దగ్గర్నుంచి తీస్తే మొహం సాగినట్టు వస్తుంది, మనిషి మాట్లాడే దూరంలో పెట్టి తీయండి.

తర్వాత మెట్టు, దాచుకునే పనులు ఒక్కొక్కటే మానడం. అన్నీ ఒకేసారి మానితే భయం పెరిగి మళ్ళీ మొదటికే వస్తుంది. నేను చెయ్యి ఆనించడంతో మొదలుపెట్టాను, ఆఫీసు మీటింగ్‌లో. వెళ్ళేముందు "ఎనిమిది మందిలో ఆరుగురు బుగ్గ వైపు చూస్తారు" అని రాసుకున్నాను, లోపలికి వెళ్ళాక చేతులు టేబుల్ మీదే ఉంచి, ధ్యాస మాత్రం ఎదుటివాళ్ళ మీద పెట్టాను, ఎవరు ఏం మాట్లాడుతున్నారు, ఎవరి కళ్ళు ఎటు ఉన్నాయి అని. చాలామంది ల్యాప్‌టాప్ చూస్తున్నారు. ఒకతను నావైపు చూశాడు, నేను మాట్లాడుతున్నాను కాబట్టి. ఇలా ముందు రాసింది, తర్వాత చూసింది పక్కపక్కన పెట్టుకుంటూ పోతే ఆ పెద్ద అంకె దానంతటదే దిగుతుంది. ఎవరైనా చూశారు అని రాసేటప్పుడు "చూసినట్టు అనిపించింది" అనేది లెక్కలోకి రాదు, వాళ్ళ కళ్ళు మీరు చూసి ఉండాలి.

ఇక చుట్టాల సంగతి. మన ఇళ్ళల్లో "చిక్కిపోయావేంటి", "నల్లబడ్డావేంటి", "మొహానికి ఏమైనా రాయకూడదూ" అనేవి పలకరింపుల్లో భాగం, పెళ్ళిలో ఆ పెద్దావిడ మీకు ముందు ఇంకో పదిమందితో అలాగే ఏదో ఒకటి అనే వచ్చి ఉంటుంది. ఆ మాట నొప్పిస్తుంది, నొప్పించదని నేను చెప్పను. కానీ ఒకరు పైకి అన్నారు కాబట్టి మిగతా అందరూ లోపల అదే అనుకుంటున్నారు అని లెక్క కట్టడం దగ్గరే మళ్ళీ ఆ స్పాట్‌లైట్ వెలుగుతుంది. నేను "అవును పిన్నీ, పాత మచ్చలు, డాక్టర్‌కి చూపించాను" అని వెంటనే "మీ మోకాలి నొప్పి ఎలా ఉంది" అని అడుగుతాను. అక్కడి నుంచి మాట్లాడేది ఆవిడే.

ఒక్క జాగ్రత్త. రోజులో గంటల తరబడి అద్దం ముందు గడుస్తుంటే, చర్మం డాక్టర్ "అంతగా ఏం లేదమ్మా" అన్నా మనసు ఒప్పుకోకపోతే, ఒక ట్రీట్‌మెంట్ అవ్వగానే ఇంకోటి వెతుకుతుంటే, అది బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ అనే, తన రూపంలో లోపం ఉందన్న ఆలోచన వదలని మానసిక సమస్య అయ్యుండొచ్చు. దాని వైద్యం వేరు, వీడియో ప్రయోగం సొంతంగా చేయొద్దు, మచ్చలకి లేజర్ లాంటివి చేయించుకున్నా ఆ బాధ సాధారణంగా తగ్గదు. అలాగే భయం వల్ల ఉద్యోగం, పెళ్ళిళ్ళు, స్నేహాలు వదులుకునే దాకా వస్తే క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్ళండి, సోషల్ యాంగ్జైటీకి సీబీటీ, అంటే ఆలోచనలూ అలవాట్లూ మార్చుకునే థెరపీ, చేస్తారా అని ముందే అడగండి. ఎవరి దగ్గరికి వెళ్ళాలో తెలియకపోతే 14416కి ఫోన్ చేయండి, అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్, డబ్బులు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.