వేరే నెట్‌వర్క్‌కి మారిన నంబర్‌కి కాల్ దారి ఎలా తెలుసుకుంటుంది?

ప్రశ్న: నంబర్ అదే ఉంచి కంపెనీ మారాను. నాకు ఫోన్ చేసేవాళ్ల కాల్ పాత కంపెనీకి పోకుండా కొత్తదానికి ఎలా వస్తుంది?

చాలా దేశాల్లో పాత కంపెనీని అసలు అడగరు. కాల్ మొదలైన నెట్‌వర్కే, కాల్‌ని బయటికి పంపే ముందు, పోర్ట్ అయిన నంబర్ల డేటాబేస్‌లో వెతుకుతుంది. ఇది సెంట్రల్ డేటాబేస్‌కి తన దగ్గరున్న కాపీ, అందుకే రింగ్ అయ్యేలోపే పని అయిపోతుంది. మీ నంబర్ అందులో ఉంటే ఒక రౌటింగ్ నంబర్ వస్తుంది, అంటే కొత్త నెట్‌వర్క్ చిరునామా అన్నమాట. ఉదాహరణకి అది 1234 అనుకోండి, దాన్ని మీ నంబర్ ముందు తగిలించి పంపుతారు. మధ్యలో ఉన్న స్విచ్‌లు ఆ 1234నే చూసి దారి పడతాయి, కొత్త నెట్‌వర్క్ దాన్ని తీసేసి మిమ్మల్ని వెతుకుతుంది. డేటాబేస్‌లో నంబర్ లేకపోతే పోర్ట్ కాలేదని అర్థం, అంకెల్ని బట్టే మామూలుగా వెళ్తుంది.

చిక్కంతా ఆ కాపీతోనే. ఒక కంపెనీ కాపీ అప్‌డేట్ కాకపోతే వాళ్ల కాల్స్ మాత్రం పాత నెట్‌వర్క్‌కే వెళ్లి 'ఈ నంబర్ లేదు' అని వినిపిస్తాయి, మిగతావాళ్లవి చక్కగా వస్తుంటాయి. అలా జరిగితే మీ సిమ్‌ని అనుమానించకండి, కాల్ చేసినవాళ్లనే తమ కంపెనీకి ఫిర్యాదు చేయమనండి.