58 స్లైడ్ల పీపీటీని ఒక్క పేజీ చేయడం: రక్తం ఎక్కించే చెక్‌లిస్ట్‌తో నా అనుభవం

ప్రశ్న: "రక్తం ఎక్కించడంపై మా హాస్పిటల్లో 58 స్లైడ్ల ట్రైనింగ్ పీపీటీ ఉంది. నైట్ డ్యూటీ సిస్టర్స్ కోసం దాన్ని ఒక్క పేజీ చెక్‌లిస్ట్‌గా మార్చమన్నారు. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి?"

ఇన్‌ఛార్జ్ సిస్టర్‌గా ఉన్నప్పుడు నేనూ ఈ పని చేశాను. మొదటిసారి చెడగొట్టాను కూడా. స్లైడ్లన్నీ కుదించి 31 పాయింట్లు ఒక పేజీలో ఇరికించాను. వారం తర్వాత షీట్లు తీసి చూస్తే అన్నీ నిండే ఉన్నాయి. కానీ ఒకే పెన్ను, పైనుంచి కిందికి ఒకే ఊపులో టిక్కులు. టైములు 2:00, 2:15, 2:30. రాత్రి వార్డులో ఏ పనీ అంత లెక్కగా జరగదు. పొద్దున హ్యాండోవర్‌కి ముందు కూర్చుని నింపేశారన్నమాట. 31 పాయింట్లిస్తే నేనైనా అదే చేసేదాన్ని.

రెండోసారి ప్రతి స్లైడ్ దగ్గరా ఒకటే చూశాను: ఇది చదివి సిస్టర్ చేత్తో ఏదైనా చేస్తుందా? బ్లడ్ గ్రూపులు ఎలా ఏర్పడతాయి, దాతకు ఏ టెస్టులు చేస్తారు లాంటివన్నీ క్లాసులో తెలుసుకోవాల్సినవి, పేజీ మీద అక్కర్లేదు. మిగిలింది పదమూడు లైన్లు. వాటిని ఆమె ఆగే చోట్లను బట్టి పేర్చాను: బ్యాగ్ చేతికి వచ్చినప్పుడు, మంచం దగ్గర, మొదలుపెట్టిన 15 నిమిషాలకు, అయిపోయాక.

అన్నిటికంటే ఎక్కువ టైము మంచం దగ్గర లైనుకే పట్టింది. పీపీటీలో "ఇద్దరు చెక్ చేయాలి" అని ఉంది, ఎక్కడ నిలబడి అన్నది లేదు. ఒక రాత్రి ఇద్దరు సిస్టర్స్ కౌంటర్ దగ్గరే బ్యాగూ ఫారమూ పక్కపక్కన పెట్టి చూశారు, అన్నీ సరిపోయాయి, సంతకాలు పెట్టారు. వార్డులో వెంకటేశ్వర్లు పేరుతో ఇద్దరున్నారు. బ్యాగ్ రెండో ఆయన మంచం దగ్గరికి వెళ్లింది. "వెంకటేశ్వర్లు గారేనా?" అని అడిగితే నిద్రమత్తులో ఆయన "ఆఁ" అన్నాడు. "మా నాన్నకు రక్తమెందుకమ్మా?" అని కొడుకు అడగబట్టి ఆగింది. అప్పుడు ఆ లైను ఇలా మార్చాను: "మంచం దగ్గరే, ఇద్దరూ కలిసి. 'మీ పేరు చెప్పండి' అని అడుగు. చేతి బ్యాండ్ మీది ఐపీ నంబర్, బ్యాగ్ ట్యాగ్ మీది ఐపీ నంబర్ పైకి చదువు." పేరు మనమే చెప్పి "అవునా" అని అడగకూడదు. మాట్లాడలేని పేషెంటైతే బ్యాండే ఆధారం. మాకు చాలా రాత్రులు వార్డుకి ఒక్క సిస్టరే, అందుకే రెండో మనిషిగా ఎవరిని పిలవాలో, వాళ్ల ఫోన్ ఎక్స్‌టెన్షన్ ఏంటో పక్కనే రాశాను. అది రాయకపోతే "ఇద్దరు" అన్న మాట కాగితం మీదే ఉండిపోతుంది.

టిక్ బాక్సులు దాదాపు తీసేశాను. వాటి బదులు ఖాళీలు: బ్యాగ్ నంబర్, బ్లడ్ బ్యాంక్ ఫ్రిజ్ నుంచి తీసిన టైము, మొదలుపెట్టిన టైము, టెంపరేచర్, పల్స్, బీపీ. అంకె రాయాలంటే చూసి తీరాలి. ఫ్రిజ్ నుంచి తీసిన అరగంటలో మొదలుపెట్టాలి, నాలుగు గంటల్లో ముగించాలి అని ఆ ఖాళీల కిందే ఉంటుంది. కాబట్టి ఆమె మొదలుపెట్టిన టైముతో పాటే "ఎన్నింటికల్లా ఆపాలి" అన్న ఖాళీ కూడా నింపేస్తుంది.

టెంపరేచర్ దగ్గర ఇంకో తిరకాసు. జ్వరం 1 డిగ్రీ పెరిగితే ఆపమని పీపీటీలో ఉంది, అది సెల్సియస్ లెక్క. మా థర్మామీటర్లు ఫారెన్‌హీట్‌వి. అర్ధరాత్రి ఆ లెక్కలెవరు వేస్తారు? అందుకే "మొదటి రీడింగ్ ____ + 1.8 = ____, ఇంత వస్తే ఆపు" అని పెట్టాను. 98.4 ఉంటే రక్తం మొదలుపెట్టక ముందే 100.2 అని రాసుకుంటుంది. 15 నిమిషాలకు చూసినప్పుడు పోల్చుకుంటే చాలు.

రియాక్షన్‌కి మాత్రం పేజీ అడుగున వేరే డబ్బా, పెద్ద అక్షరాలు. మిగతా పేజీ చేశాక సరిచూసుకునేది, ఇది చదువుతూ చేసేది. చలి, వణుకు, ఆయాసం, నడుంనొప్పి, దద్దుర్లు, జ్వరం, వీటిలో ఏది కనిపించినా: రక్తం ఆపు. కాన్యులా తీయకు. కొత్త సెట్‌తో నార్మల్ సెలైన్ పెట్టు. డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చెయ్యి. పేరూ నంబరూ మళ్లీ చూడు. బ్యాగ్ పారేయకు. సెట్‌తో సహా బ్లడ్ బ్యాంక్‌కి పంపు. టెన్షన్‌లో చదువుతారు కాబట్టి ఒక్కో లైనుకి ఒకటే క్రియ.

డ్రాఫ్ట్ అయ్యాక మీటింగ్‌లో చూపించే ముందు రాత్రి రెండింటికి వార్డు లైట్లు తగ్గించి ఒక సిస్టర్‌తో ఉత్తుత్తి బ్యాగ్ మీద చేయించండి. మా సిస్టర్‌కి బూడిదరంగు డబ్బాలో అక్షరాలు అసలు కనబడలేదు. మీ ట్రాన్స్‌ఫ్యూజన్ కమిటీ సంతకం, తేదీ కింద ఉండాలి. పాత ప్రింట్లు వెతికి మరీ చింపేయండి. రెండు నెలల తర్వాత కూడా ఒక డ్రాయర్లోంచి నా 31 పాయింట్ల షీటు బయటపడింది, సగం నింపి.