ఇంకు లేదు, సీలు లేదు, కాబట్టి ఫైలూ లేదు

"కుటుంబ సభ్యుల సర్టిఫికెట్‌కి దరఖాస్తు ఇచ్చాను. ఇన్‌వర్డ్ సీలు పడలేదు కాబట్టి ఫైలే లేదంటున్నారు. ప్యాడ్ ఎండిపోయిందట. ఏం చేయాలి?"

గుమాస్తాగారిని తిట్టకండి, ఆయన లెక్క ఆయనకుంది. ఇంకు రావాలంటే ఇండెంట్ పెట్టాలి. ఇండెంట్ మీద సీలు పడాలి. సీలు పడాలంటే ఇంకు కావాలి. పక్కన ఇంకో ప్యాడ్ ఉంటుంది కానీ అది అవుట్‌వర్డ్‌ది. దాంతో ముద్రేస్తే మీ కాగితం లోపలికి రాకముందే బయటికి పోయినట్టు! పైగా తేదీ ముద్ర మొన్నటి దగ్గరే ఇరుక్కుంది. అంటే ఆ ఆఫీసులో ఇంకా మొన్నే నడుస్తోంది, ఇక ఆలస్యమెక్కడిది?

మీరు మాత్రం ఆ దరఖాస్తునే మళ్లీ స్పీడ్ పోస్టులో తహసీల్దార్ పేరుకి పంపండి. రసీదు మీద పోస్టాఫీసు పేరు, తేదీ ముద్రించి ఉంటాయి, ముద్రకి ముద్రే సమాధానం. అప్పటికీ కదలకపోతే సమాచార హక్కు చట్టం, 2005 సెక్షన్ 6(1) కింద అడగండి. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. "ఎందుకు ఆలస్యం?" అని రాయకండి, కారణాలు చెప్పక్కర్లేదని తిప్పి పంపేస్తారు. మీ దరఖాస్తు చేరిన తేదీ నాటి ఇన్‌వర్డ్ రిజిస్టర్ పేజీ, నోట్ ఫైలు నకళ్లు కావాలని రాయండి.