దస్తగిరిలో కొండ లేదు

ప్రశ్న: మా తాతగారి పేరు దస్తగిరి, మేనత్త పేరు సైదమ్మ. మాది హిందూ కుటుంబం. దస్తగిరి అంటే ఏదైనా కొండ పేరా? మస్తానయ్య, కుళ్లాయప్ప లాంటి పేర్లు కూడా మా బంధువుల్లో ఉన్నాయి. ఇవి ఎక్కడి నుంచి వచ్చాయి, వీటి అసలు అర్థాలేమిటి?

నా పేరు కూడా దస్తగిరే, మేమూ హిందువులమే. అందువల్ల ఈ ప్రశ్నకు సమాధానం వెతుక్కోవలసిన అవసరం నాకు చిన్నప్పుడే వచ్చింది. నేను ఆరో తరగతిలో ఉండగా మా తెలుగు మాస్టారు నా పేరును శేషగిరి, వేంకటగిరి వరుసలో చేర్చి, ‘గిరి’ అంటే కొండ అని చెప్పారు. ‘దస్త’కు అర్థం కుదరకపోవడంతో అది ‘దశ’కు వచ్చిన తప్పుడు రూపమని తీర్మానించి, హాజరుపట్టీలో ‘దశగిరి’ అని దిద్దారు. పది కొండలు మోస్తూ నేను పదో తరగతి దాకా వచ్చాను. ఆ తరవాత దశగిరి, దస్తగిరి ఒకరేనని అఫిడవిట్ రాయించుకోవలసి వచ్చింది.

నిజానికి ఈ పేరులో కొండ లేదు. ఇది ‘దస్త్‌గీర్’ అనే పారసీ సమాసం. ‘దస్త్’ అంటే చెయ్యి, ‘గీర్’ అంటే పట్టుకొనేవాడు. ఆపదలో ఉన్నవారి చెయ్యి పట్టుకొని నడిపించేవాడని మొత్తం అర్థం. పన్నెండో శతాబ్దంలో బాగ్దాదులో జీవించి 1166లో మరణించిన సూఫీ గురువు అబ్దుల్ ఖాదర్ జీలానీకి భక్తులు ఇచ్చుకున్న బిరుదుల్లో ఇదొకటి. దక్కన్‌లో ఆయన పరంపరకు చెందిన ఖాదిరీ గురువుల ప్రభావం వల్ల ఆ బిరుదు ఊరూరికీ చేరి, ఇక్కడివాళ్ల నోట ‘దస్తగిరి స్వామి’ అయింది. నాకంటే ముందు పుట్టిన ఇద్దరు పిల్లలు దక్కకపోవడంతో మా నాయనమ్మ ఆ స్వామికే మొక్కుకొని నాకు ఈ పేరు పెట్టింది. బాగ్దాదు అనే ఊరు ఉన్నదని ఆమెకు తెలియదు; చెయ్యి పట్టుకొని కాపాడే స్వామి అని మాత్రం తెలుసు. అంటే మా మాస్టారికి అందని అర్థం అక్షరం రాని మా నాయనమ్మ దగ్గర భద్రంగా ఉన్నదన్నమాట.

పొరపాటు ఎక్కడ జరిగిందో ఉర్దూ రాత చూస్తే తెలుస్తుంది. అందులో ‘గీ’ దీర్ఘం, చివరి ‘ర్’ హల్లు. తెలుగు మాట హల్లుతో ఆగడానికి ఇష్టపడదు కాబట్టి చివర ‘ఇ’కారం చేరింది, ముందున్న దీర్ఘం హ్రస్వమైంది, దానితో అది మనకు పరిచయమున్న ‘గిరి’లా వినిపించింది. ఇలాంటి సందేహం వచ్చినప్పుడు పేరులోని రెండు ముక్కలనూ వేరే మాటల్లో వెతకడం మంచి పద్ధతి. ‘దస్త్’ మనకు దస్తావేజులో, చేతి రాతైన దస్కత్తులో, తెలంగాణలో చేతిరుమాలును పిలిచే దస్తీలో కనిపిస్తుంది. ‘గీర్’ జాగీరులో ఉన్నది; ‘జా’ అంటే చోటు, కనుక జాగీరు అంటే చోటును పట్టి ఉండడం. లోకాన్ని చేజిక్కించుకొనేవాడు జహంగీర్. షాద్‌నగర్ వైపు జహంగీర్ పీర్ దర్గాకు మొక్కుకున్న కుటుంబాల్లో హిందువుల పిల్లలకు కూడా ఆ పేరు ఉంటుంది. రెండు ముక్కలూ ఇలా మరికొన్ని పారసీ మాటల్లో అదే అర్థంతో దొరికినప్పుడు సంస్కృత వ్యుత్పత్తిని బలవంతంగా అతికించవలసిన పని లేదు.

అయితే సంస్కృతానికీ ఈ పేరుకూ చుట్టరికం అసలే లేదని కూడా అనలేము. పారసీ ‘దస్త్’, సంస్కృత ‘హస్త’ ఒకే పూర్వభాషలోని మాటకు రెండు కొనసాగింపులు; ‘గీర్’కు మూలమైన ధాతువు, ‘గ్రహించు’లోని సంస్కృత ధాతువు కూడా అంతే. కాబట్టి దస్తగిరిని సంస్కృతంలోకి ముక్కకు ముక్కగా మారిస్తే ‘హస్తగ్రాహి’ అవుతుంది. మా మాస్టారు కొండల వైపు కాకుండా పాణిగ్రహణం వైపు చూసి ఉంటే అసలు అర్థానికి చాలా దగ్గరగా వచ్చేవారు!

మస్తానయ్య సంగతీ దాదాపు ఇంతే. పారసీలో ‘మస్త్’ అంటే మత్తెక్కినవాడు, దాని నుంచి వచ్చినదే ‘మస్తాన్’. మా మామయ్య పేరు మస్తాన్‌రావు. ఈ అర్థం తెలిసిన రోజున ఆయన, జీవితంలో చుక్క ముట్టని తనకు ఇదేం పేరని నొచ్చుకున్నారు. కానీ సూఫీల వాడుకలో ఆ మత్తు మద్యానిది కాదు, దైవప్రేమలో ఒళ్లు మరచిన స్థితి. గుంటూరులోని కాలే మస్తాన్ షావలి దర్గా వల్ల ఆ ప్రాంతంలో ఈ పేరు అన్ని కులాల్లోనూ ఉన్నది. సంస్కృత ‘మత్త’ కూడా ‘మస్త్’కు తోబుట్టువే. తెలంగాణలో ‘మస్తుగుంది’ అన్నప్పుడు వినిపించేదీ ఈ పారసీ మాటే. మస్తాన్‌వలిలోని ‘వలి’ మాత్రం అరబ్బీ. దైవానికి సన్నిహితుడు, ఆప్తుడు అని దాని అర్థం.

మీ మేనత్తగారి పేరులో కొంచెం జాగ్రత్త అవసరం. అరబ్బీలో ‘సయ్యద్’ అంటే ప్రభువు, పెద్ద. ప్రవక్త వంశీకులకు అది గౌరవనామం. ‘సయీద్’ అనేది వేరే ధాతువు నుంచి వచ్చిన వేరే మాట, దాని అర్థం భాగ్యవంతుడు. ‘సయీద్’ నడుమ ఉన్న ‘అయిన్’ అనే అరబ్బీ అక్షరం మన ఉచ్చారణలో పడిపోవడం వల్ల, తెలుగులోకి వచ్చేసరికి రెండూ ‘సైద’గా కలిసిపోయే వీలున్నది. అటువంటప్పుడు నిఘంటువు కన్నా మొక్కు ఎక్కడిదో అడగడం మేలు. సూర్యాపేట జిల్లా పాలకీడు మండలంలోని జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకున్నవాళ్లు సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి అని పేర్లు పెట్టుకుంటారు. మీవాళ్లు ఆ వైపువారైతే మూలం ‘సయ్యద్’ అనే అనుకోవచ్చు. సైదులులోని ‘లు’ రాములులో ఉన్నటువంటి మన గౌరవ బహువచనమే.

కుళ్లాయప్ప వీటన్నిటిలోకీ నాకు ఇష్టమైన పేరు. అనంతపురం జిల్లా గూగూడులో మొహర్రం సమయంలో కొలిచే కుళ్లాయిస్వామి వల్ల ఇది వ్యాపించింది. పారసీలో ‘కులాహ్’ అంటే టోపీ, అదే మన కుళ్లాయి. శ్రీనాథుడిదిగా చెప్పుకొనే చాటుపద్యంలో ‘కుల్లాయుంచితి’ అని ఉన్నది కాబట్టి, ఈ మాట పేరుగా మారకముందే తలమీద టోపీగా తెలుగులో బాగా స్థిరపడిందన్నమాట. టోపీకి ‘అప్ప’ చేర్చి మనిషిని చేసుకోవడం పూర్తిగా మనవాళ్ల పనితనం. అరబ్బీలో పేదవాడనే అర్థమున్న ‘ఫకీర్’ను ఫకీరప్పగా, పారసీలో ముసలివాడనే అర్థమున్న ‘పీర్’ను పీరయ్యగా మలిచినదీ ఆ చెయ్యే.

చివరగా ఒక హెచ్చరిక. దర్గాతో ముడిపడిన ప్రతి పేరూ అరబ్బీయో పారసీయో కానక్కరలేదు. నాగూరయ్య, నాగూరమ్మ అనే పేర్లు కూడా మొక్కుబడి పేర్లే గానీ, నాగూరు అనేది తమిళనాడులో దర్గా ఉన్న ఊరి పేరు మాత్రమే.