మందుల షాపు రద్దీ చూసి షేర్లు కొన్నారు, మరి లాభం ఎక్కడిది?

ప్రశ్న: చెన్నై అంబత్తూరులో ఉంటాం. మా వీధిలోని అపోలో ఫార్మసీ ఎప్పుడూ కిటకిటలాడుతుంటుంది. అది చూసే అపోలో హాస్పిటల్స్ షేర్లు కొన్నాను. యాన్యువల్ రిపోర్టు తెరిస్తే వందల పేజీలు. కంపెనీకి డబ్బు అసలు దేని మీద వస్తుందో ఎక్కడ చూడాలండీ?

జవాబు: రిపోర్టు కంటే ముందు ఇంట్లో ఉన్న మందుల బిల్లు తీసి, పైన ఏ కంపెనీ పేరుందో చూడండి. అపోలో ఫార్మసీస్ లిమిటెడ్ అని ఉంటుంది. మీ దగ్గరున్న షేర్లు అపోలో హాస్పిటల్స్ ఎంటర్‌ప్రైజ్‌వి. బ్రాండు ఒక్కటే అయినా కంపెనీలు రెండు. ఆ షాపుల కంపెనీకి యజమాని అపోలో మెడికల్స్ అనే మరో సంస్థ. అందులో మీ కంపెనీ వాటా 25.5 శాతమే. అంటే కౌంటర్ దగ్గర మీరిచ్చే డబ్బు నేరుగా మీ కంపెనీ ఆదాయంలో పడదు. షాపులకు మందులు సరఫరా చేసే హోల్‌సేల్ వ్యాపారం మాత్రం మీ కంపెనీ గ్రూపులోది, అపోలో హెల్త్‌కో అనే అనుబంధ సంస్థ పేరున నడుస్తుంది.

కంపెనీ తన వ్యాపారాన్ని వర్ణించుకునే మొదటి పేజీలను ఈ దృష్టితోనే చదవాలి. ఫొటోలు, నినాదాలు పక్కనపెట్టి, ఒక్కో వ్యాపారానికి ఒక్కో వాక్యం కాగితం మీద రాసుకోండి: ఏం అమ్ముతున్నారు, ఎవరికి, డబ్బు కట్టేది ఎవరు? ఆసుపత్రి విషయంలో కట్టేది రోగి లేదా బీమా సంస్థ. హెల్త్‌కో సరఫరా విషయంలో షాపుల కంపెనీ. వాక్యం రాయలేకపోయారంటే ఆ వర్ణనలో అసలు సంగతి లేనట్టే. దాన్ని వెనక పేజీల్లో వెతకాలి.

వెనక పేజీలంటే అనుబంధ సంస్థలను కూడా కలిపి చూపే కన్సాలిడేటెడ్ లెక్కల నోట్స్. పీడీఎఫ్‌లో Ctrl+F నొక్కి Segment అని కొట్టండి. మాతృసంస్థ ఒక్కదాన్నే చూపే స్టాండలోన్ లెక్కల దగ్గర ఆగిపోకండి, చాలామంది తప్పటడుగు వేసేది అక్కడే. మందుల సరఫరా 2022లో అనుబంధ సంస్థకు బదిలీ అయింది కాబట్టి, ఒక్క మాతృసంస్థ లెక్కలు చూస్తే ఆ వ్యాపారం లేనట్టే కనిపిస్తుంది.

2023-24 అంకెలు తీసుకుందాం. మొత్తం ఆదాయం సుమారు 19,059 కోట్లు. ఇందులో ఆసుపత్రుల సేవలవి 9,867 కోట్లు, మందుల సరఫరా, అపోలో 24/7 యాప్ నడిపే డిజిటల్ వ్యాపారం కలిపి 7,827 కోట్లు, క్లినిక్‌లు, ల్యాబులు 1,365 కోట్లు. అంటే ప్రతి వంద రూపాయల్లో 52 ఆసుపత్రులవి, 41 మందులు, డిజిటల్‌వి, 7 క్లినిక్‌లవి. ఇక్కడితో ఆపేస్తే మందుల వ్యాపారం దాదాపు ఆసుపత్రులంత బలమైనదని అనుకుంటారు. అదే నోట్‌లో ఇంకాస్త కిందికి దిగి, విభాగాల వారీ ఫలితం చూడండి. ఆ ఏడాది నిర్వహణ లాభం దాదాపు మొత్తం ఆసుపత్రుల నుంచే వచ్చింది. మందుల సరఫరాలో మార్జిన్ పలుచన. అందులో మిగిలిందాన్ని కూడా అపోలో 24/7 యాప్ ఖర్చు తినేసింది.

ఇక్కడో చిక్కుంది. యాప్, సరఫరా రెండూ ఒకే విభాగంలో ఉన్నాయి కాబట్టి ఏది సంపాదిస్తోందో, ఏది ఖర్చు పెడుతోందో ఈ నోట్ ఒక్కటే చెప్పదు. విభాగాలను ఎలా విడగొట్టాలన్నది యాజమాన్యం లోపల వ్యాపారాన్ని చూసుకునే తీరును బట్టి ఉంటుంది, అకౌంటింగ్ ప్రమాణమే అలా ఉంది. ఇలాంటి చోట మేనేజ్‌మెంట్ డిస్కషన్ భాగంలోనూ, కంపెనీ ఇన్వెస్టర్ ప్రజెంటేషన్‌లోనూ రెండింటి వివరాలు విడిగా ఇచ్చారేమో చూడాలి.

షాపుల్లోని ఆ 25.5 శాతం సంగతి కూడా తేల్చుకోండి. అది అమ్మకాల్లో కనిపించదు. లాభనష్టాల పట్టికలో అసోసియేట్ సంస్థల, అంటే కంపెనీకి కొంత వాటా మాత్రమే ఉన్న సంస్థల, లాభంలో వాటా అనే ఒక్క వరుసలో ఉంటుంది. అనుబంధ, అసోసియేట్ సంస్థల వివరాలుండే, రిపోర్టులోని AOC-1 ఫారంలో అసోసియేట్లకు విడి భాగం ఉంటుంది, వాటా శాతం అక్కడ సరిచూసుకోవచ్చు.

బీఆర్‌ఎస్‌ఆర్ అనే, వ్యాపార బాధ్యత, సుస్థిరత గురించి చెప్పే భాగం మొదట్లో, టర్నోవర్‌లో 90 శాతం తెచ్చే వ్యాపారాల పట్టిక ఉంటుంది. చదవడానికి సులువే కానీ, అది స్టాండలోన్ లెక్కా, కన్సాలిడేటెడ్ లెక్కా అని అక్కడే రాసి ఉంటుంది. అది చూసుకోకుండా ఆ శాతాలు వాడితే మళ్లీ ఇందాకటి పొరపాటే.

ఇదే నోట్‌ను మూడేళ్ల రిపోర్టుల్లో పక్కపక్కన పెట్టి చూడండి. మందులు, డిజిటల్ విభాగం ఫలితం ఏటికేడు మెరుగవుతోందా అన్నదే మీరు కొన్న కారణానికి అసలు పరీక్ష. ఈ వ్యాపారాన్ని విడదీసి వేరే లిస్టెడ్ కంపెనీ చేసే ప్రణాళికకు బోర్డు 2025 జూన్‌లో ఆమోదం తెలిపింది. అది అమలయ్యాక పట్టిక రూపమే మారుతుంది కాబట్టి, అప్పుడు పాత ఏడాది అంకెలను పాత రిపోర్టు నుంచి కాకుండా కొత్త రిపోర్టులో సవరించి ఇచ్చే కాలమ్ నుంచి తీసుకోండి.