నోటు పుస్తకం వివరణలో పేజీలు, కాగితం బరువు

“‘200 పేజీల సింగిల్ రూల్ నోటు పుస్తకం’ అని రాసి అమ్మితే, వంద కాగితాలే ఉన్నాయని, ఇంకు వెనక్కి దిగుతోందని తిరిగి పంపుతున్నారండీ. వివరణ ఎలా రాయాలి?”

కాగితానికి రెండు పేజీల లెక్క అందరికీ తోచదు కాబట్టి ‘200 పేజీలు, అంటే 100 కాగితాలు’ అని రాయండి. అట్టలను కూడా పేజీల్లో కలిపే తయారీదారులు ఉన్నారు గనుక, ముందుగా ఒక పుస్తకాన్ని మీరే లెక్కపెట్టి చూసుకోండి.

ఇంకు దిగడానికి చాలావరకు పలుచని కాగితమే కారణం. అట్టపై జీఎస్ఎం, అంటే ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క, లేకపోతే తూచి తెలుసుకోవచ్చు: 24 × 18 సెంటీమీటర్ల కాగితాలు వంద కలిస్తే 4.32 చదరపు మీటర్లు అవుతాయి, అట్టలు తీసేసిన ఆ కట్ట 250 గ్రాములు తూగితే అది దాదాపు 58 జీఎస్ఎం. అటువంటి పుస్తకానికి ‘బాల్ పెన్నుకు అనుకూలం, ఇంకు పెన్నుకు కాదు’ అని స్పష్టంగా రాయండి.

మధ్యలో పిన్నులు కొట్టిన పుస్తకమైతే ఆ మాటా చేర్చండి; అందులో ఒక కాగితం చింపితే దాని జత కాగితం కూడా ఊడి వస్తుంది.