టెక్ సందేహాలు: పది శాతం తగ్గిస్తే ఎన్ని పీసులు ఎక్కువ అమ్మాలి?

*ప్రశ్న: సార్, తిరుపతి బస్టాండ్ దగ్గర మాకు మొబైల్ యాక్సెసరీస్ షాపు ఉంది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ జీఎస్టీతో కలిపి 1,180కి అమ్ముతాం. జీఎస్టీ కాకుండా కొనుగోలు ధర 700. పీసుకి 50 కౌంటర్‌లో ఉండే అబ్బాయికి ఇస్తాం. నెలకి 120 పోతాయి. 10 శాతం డిస్కౌంట్ పెడితే నెలకి 132 అమ్మితే సరిపోతుందా? గూగుల్ షీట్స్‌లో దీనికి ఫార్ములా ఉందా?*

జవాబు: 132 చాలవండీ, 200 అమ్మాలి. అంటే ఇప్పటికంటే 80 ఎక్కువ.

1,180లో 180 ప్రభుత్వానికి పోయేది, మీ చేతికి వచ్చేది 1,000. అందులో కొనుగోలు 700, అబ్బాయి ఇన్సెంటివ్ 50 పోతే పీసు మీద 250 మిగులుతుంది. 120 పీసులకి 30,000. మీ షాపు అద్దె, కరెంటు బిల్లు కట్టేది ఈ డబ్బుతోనే. డిస్కౌంట్ పెడితే కస్టమర్ 1,062 ఇస్తాడు, జీఎస్టీ తీస్తే 900. కొనుగోలు ధర, ఇన్సెంటివ్ ఒక్క రూపాయి కూడా తగ్గవు. కాబట్టి తగ్గిన 100 మొత్తం మీ మిగులులోంచే పోయి 150 అవుతుంది. ధర తగ్గింది 10 శాతమే కానీ మిగులు తగ్గింది 40 శాతం.

ఇంకోలా చూడండి. మామూలుగానే కొనే 120 మందికి కూడా వంద చొప్పున వదిలేస్తున్నారు, అంటే 12,000. ఆ 12,000ని కొత్తగా వచ్చేవాళ్లు పూడ్చాలి, ఒక్కొక్కరి మీద వచ్చేది 150. అందుకే 80 మంది కావాలి.

షీట్‌లో B1లో 1180, B2లో 700, B3లో 50, B4లో 120, B5లో 10% వేసి, B6, B7, B8లలో వరుసగా ఇవి టైప్ చేయండి:

```
=ROUND(B1/1.18-B2-B3,2)
=ROUND(B1*(1-B5)/1.18-B2-B3,2)
=IF(B7<=0,"NO",ROUNDUP(B4*B6/B7,0))
```

ROUND ఎందుకంటే, కంప్యూటర్ దశాంశాల లెక్కలో 150 కాస్తా 149.9999999 అయ్యే అవకాశం ఉంది. అప్పుడు ROUNDUP దాన్ని పట్టుకుని 200కి బదులు 201 చూపిస్తుంది. B5లో శాతం గుర్తు మర్చిపోయి 10 అని వేస్తే NO వస్తుంది. ముందు అది సరిచూసుకోండి.

ఇప్పుడు B5 మార్చి చూడండి. 5 శాతానికి 150 పీసులు చాలు. 20 శాతానికి ఏకంగా 600. 25 శాతం పెడితే NO, ఎందుకంటే పీసు మీద మిగిలేది సున్నా, ఇక ఎన్ని అమ్మినా ఒకటే. ఈ సంఖ్య మెట్టు మెట్టుగా కాకుండా ఒక్కసారిగా ఎగబాకుతుంది. నన్నడిగితే మీ మార్జిన్‌కి 10 శాతమే ఎక్కువ.

ఆఫర్ కోసం ఫ్లెక్సీకో, కరపత్రాలకో 3,000 పెడితే దాన్నీ రాబట్టాలి. 3,000ని 150తో భాగిస్తే మరో 20 పీసులు, మొత్తం 220.

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ దగ్గర కూడా జాగ్రత్త. డిస్కౌంట్‌ని బిల్లులోనే డిస్కౌంట్ కాలమ్‌లో చూపించాలి, అప్పుడే జీఎస్టీ 900 మీద పడుతుంది. 1,180కి బిల్లు కొట్టి 118 నోట్లు చేతిలో పెడితే జీఎస్టీ 180 అలాగే ఉంటుంది. మీకు మిగిలేది 132, అమ్మాల్సింది 228.

ఇక అసలు చిక్కు 120 అనే అంకెతోనే. బ్రహ్మోత్సవాల సమయంలో ఆఫర్ పెట్టి 200 అమ్మేశామని సంబరపడితే, అది డిస్కౌంట్ వల్లా, జనం వల్లా? ఆఫర్ లేకున్నా ఆ నెల 170 పోయేవి అనుకోండి. అప్పుడు B4లో 170 ఉండాలి, కావాల్సింది 284. కిందటేడు అదే రోజుల బిల్లులు తీసి B4లో వేయండి. అధిక మాసం వచ్చే ఏడు రెండు బ్రహ్మోత్సవాలు కాబట్టి నెలకి నెల పెట్టి పోల్చకుండా ఉత్సవాల రోజులకి ఉత్సవాల రోజులే పోల్చాలి.

మామూలు నెలలోనే ప్రయత్నిస్తే నెలాఖరు దాకా ఆగక్కర్లేదు. ఇప్పుడు రోజుకి నాలుగు పోతున్నాయి, ఏడుకి దగ్గరగా పోవాలి. పది రోజులకి 67 దాటకపోతే ఆఫర్ బోర్డు తీసేయండి. దాటినా ఒకసారి వైర్ ఇయర్‌ఫోన్స్ బిల్లులు కూడా చూడండి, అవి కొనేవాళ్లే ఇటు మళ్లి ఉంటే అక్కడ పోయిన మిగులుని ఇందులోంచి తీసేయాలి.